టిప్పు శాతం లెక్క ఎందుకు తేడా వస్తుంది?

"టేబుల్ దగ్గరికి తెచ్చిన మెషీన్‌లో 15 శాతం టిప్పు నొక్కాను. భోజనం 100, పన్ను 10. టిప్పు 15 అనుకుంటే 16.50 పడింది. మోసమా?"

మోసం కాకపోవచ్చండీ. పన్నుకు ముందున్న మొత్తం మీద లెక్కిస్తే 15, పన్ను కలిపిన 110 మీద లెక్కిస్తే 16.50. దేని మీద లెక్కించాలో రెస్టారెంటు వాళ్లు సెట్టింగులో ముందే పెట్టుకుంటారు. చాలా మెషీన్లలో శాతం పక్కనే టిప్పు ఎంతో కూడా కనిపిస్తుంది. చూడాల్సింది అదే. బిల్లులో సర్వీస్ చార్జీ ఉంటే దాని మీద కూడా శాతం పడవచ్చు, అదీ ఒకసారి గమనించండి.

ఇలాంటి మెషీన్లలో ముందు టిప్పు అడుగుతుంది, తర్వాత మొత్తం చూపిస్తుంది, ఆ తర్వాతే కార్డు పెట్టమంటుంది. కార్డు పెట్టేదాకా బ్యాంకుకు ఏమీ వెళ్లదు. కాబట్టి అంకె నచ్చకపోతే వెనక్కి వెళ్లి, శాతం వదిలేసి, మీకు కావాల్సిన మొత్తాన్నే టైప్ చేయండి. ఆ ఆప్షన్ కనపడకపోతే ఎర్ర బటన్ నొక్కి, వెయిటర్‌ని మళ్లీ మొదలుపెట్టమనండి. మొహమాటం అక్కర్లేదు.

మీది అప్రూవ్ అయిపోయింది కాబట్టి రసీదు తీసుకుని మేనేజర్‌ని కలవండి. ఆ రోజు లావాదేవీలన్నీ బ్యాంకుకు పంపకముందైతే పాతది రద్దు చేసి 125కి మళ్లీ తీయవచ్చు. పంపేశాక మాత్రం రిఫండ్ ఒక్కటే దారి, అది ఖాతాలోకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది.