చింతచెట్టుతో మొదలై చింతచెట్టుతోనే ముగిసిన వీడియో

"మా ఊరి చరిత్ర మీద పది నిమిషాల వీడియో వ్యాసం చేయాలని ఉంది. గొంతు నాదే. ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మంచిదో చెప్పగలరా?"

చిత్రాలకు ఒక ట్రాకు, ధ్వనికి రెండు ట్రాకులు ఉన్న సాఫ్ట్‌వేర్ ఏదైనా సరిపోతుంది. నా అనుభవంలో ఇలాంటి వీడియోలు ఎడిటింగ్ దాకా రాకముందే, కాగితం మీదే చెడిపోతాయి.

1908 నాటి మూసీ వరద మీద నేను పదకొండు నిమిషాల వీడియో చేశాను. మొదటి రాతప్రతిలో సెప్టెంబరు 28న నది పొంగడం, వంతెనలు దెబ్బతినడం, అఫ్జల్‌గంజ్ మునిగిపోవడం అన్నీ వరుసగా ఉన్నాయి. చదివి వినిపిస్తే మా అక్క అంతా విని, "సరేగానీ, ఇంతకీ నువ్వు ఏమంటావురా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "హైదరాబాదులో ఘోరమైన వరద వచ్చింది" అన్న మాటను ఎవరూ కాదనరు కాబట్టి దాన్ని నిరూపించే పని కూడా ఉండదు. వారం తర్వాత ఇలా రాసుకున్నాను: "నగరాన్ని ముంచింది వాన ఒక్కటే కాదు, ఎగువన ఒకదాని వెంట ఒకటి తెగిన చెరువులు." దీన్ని కాదనడానికి వీలుంది, అందుకే సాక్ష్యం చూపవలసి వచ్చింది. వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పరిశీలనలో రెండు వందలకు పైగా చెరువులు తెగినట్లు తేలింది. ఆ వాక్యాన్ని బల్ల ఎదుట అంటించుకున్నాక, దానికి పనికిరాని వంతెనల భాగమంతా కొట్టివేశాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే.

ఇక అధ్యాయాల మలుపులు. మొదట నల్లటి తెర మీద "2. చెరువులు" అని అక్షరాలు వేసి, కింద డప్పుల సంగీతం పెట్టాను. వంట చేస్తూనో బస్సులో కళ్లు మూసుకునో వినేవారికి ఆ అక్షరాలు కనిపించవు, కాబట్టి మలుపును గొంతే తిప్పాలి. మూడో అధ్యాయానికి నేను రాసిన మలుపు ఇది: "చెరువులు తెగినందువల్లే నగరం మునిగితే, దానికి విరుగుడుగా మళ్లీ రెండు పెద్ద చెరువులు కట్టడమేమిటి?" అప్పటిదాకా చెప్పిన మాటే ఇక్కడ నాకు ఎదురు తిరుగుతుంది, వరద నీటిని పట్టి ఉంచి నెమ్మదిగా వదిలే జలాశయాల గురించి చెప్పక తప్పదు. రెండు అధ్యాయాలను తారుమారు చేసినా కథ దెబ్బతినకపోతే, ఆ మధ్యన మలుపు లేనట్టే.

మలుపు వాక్యం తర్వాత రెండు సెకన్లు ఏమీ మాట్లాడకూడదు. అయితే అక్కడ ధ్వనిని పూర్తిగా కత్తిరిస్తే, వినేవారు ఫోను ఆగిపోయిందని తెర వైపు చూస్తారు. అందుకే రికార్డింగు రోజున అదే గదిలో, అదే మైకుతో, అర నిమిషం ఊరికే కూర్చుని గది చప్పుడును పట్టి ఉంచుకుని, ఆ ఖాళీల్లో దాన్నే పరిచాను. ఆ రెండు సెకన్లను కూడా సంగీతంతో నింపేసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నిడివిని కూడా గొంతుతోనే కొలవాలి. నేను నిమిషానికి సుమారు 95 తెలుగు మాటలు చదువుతాను; పదకొండు నిమిషాలకు వెయ్యి మాటలు చాలు. ముందు గొంతు మొత్తం రికార్డు చేసి, దాని మీద చిత్రాలు పరచాను.

ముగింపు నన్ను ఎక్కువ ఏడిపించింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో మూసీ ఒడ్డున ఉన్న చింతచెట్టు మొదలును దగ్గరగా చూపిస్తూ వీడియో ప్రారంభమవుతుంది. ఆ రోజు సుమారు 150 మంది దాన్ని ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. చివర మళ్లీ అదే షాట్ పెట్టి, అవే మాటలు చెప్పాను. చూసిన మిత్రుడు వీడియో మళ్లీ మొదలైందనుకుని ఆపేశాడు. పైగా ముగింపును మూడు వారాల తర్వాత జలుబు గొంతుతో చదివాను. వేరే మనిషి మాట్లాడుతున్నట్లుంది.

రెండోసారి ప్రారంభాన్ని, ముగింపును ఒకే పూట చదివాను. ప్రారంభంలో "ఈ చెట్టు ఎక్కినవారు బతికారు. నీళ్లు ఇంత ఎత్తుకు ఎలా వచ్చాయి?" అని అడిగి వదిలేశాను. చివర చెట్టును ఈసారి దూరం నుంచి, వెనుక నదితో సహా చూపిస్తూ, "ఈ చెట్టు ఎక్కినవారు బతికారు. మళ్లీ ఎవరూ చెట్టు ఎక్కవలసిన అవసరం రాకూడదనే ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి చేశారు" అని చదివాను. మొదటి వాక్యం అదే, కానీ ఆ నీళ్లు ఎక్కడివో వినేవారికి ఇప్పుడు తెలుసు.

చివరి మాట తర్వాత నాలుగు సెకన్ల పాటు చెట్టు పక్క రోడ్డు రొదను అలాగే వదిలాను. అక్కడ "సబ్‌స్క్రైబ్ చేయండి" అని చెప్పమని మిత్రుడు ఎంత పట్టుబట్టినా నేను ఒప్పుకోలేదు. ఆ మాటను వీడియో కింది వివరణలో రాశాను.