అరబిక్ వస్తే ఫారసీ వచ్చేసినట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి అరబిక్‌లో డిగ్రీ పూర్తి చేసింది. ఫారసీలో చాలా మాటలు అరబిక్‌వే కాబట్టి మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు చాలు, రెండు భాషల్లోనూ అనువాదాలు చేయవచ్చు అంటున్నారు. తనేమో ఫారసీలో పీజీ చేస్తానంటోంది. ఏది మేలు? - ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: మీ అమ్మాయి చదివిన అరబిక్ ఎక్కడికీ పోదు, ముందు ఆ బెంగ వదిలేయండి. లిపి దాదాపు అదే, ఫారసీలో అదనంగా నాలుగే అక్షరాలు. నాకు అనుమానం ఉన్నది మూడు నెలల కోర్సు మీదే. తెలియని మాట కనిపిస్తే ఎవరైనా నిఘంటువు తీస్తారు. తెలుసనుకున్న మాట దగ్గర ఎవరూ ఆగరు.

బీమా కాగితంలో ఈ వాక్యం ఉందనుకోండి: 'దర్ అసరె ఇష్తెబాహె రానందె, తసాదొఫ్ షొద్'. డ్రైవరు పొరపాటు వల్ల ప్రమాదం జరిగిందని అర్థం. అరబిక్‌లో 'ఇష్తిబాహ్' అంటే అనుమానం, 'తసాదుఫ్' అంటే యాదృచ్ఛికంగా జరగడం. అరబిక్ మాత్రమే తెలిసినవారి చేతిలో అదే వాక్యం 'డ్రైవరు మీద అనుమానంతో యాదృచ్ఛికంగా జరిగింది' అయిపోతుంది. తప్పు ఎవరిదన్నదే మారిపోయిందంటే, పరిహారం సంగతి మీరే ఊహించండి. వార్తల్లోనూ ఇంతే. ఇరాన్‌లో 1979లో వచ్చింది ఫారసీలో 'ఎంఖెలాబ్', అంటే విప్లవం. నేటి అరబిక్‌లో 'ఇంఖిలాబ్' సైనిక కుట్ర. విప్లవానికి వాళ్ల మాట 'సౌరా'.

దీన్ని పసిగట్టే దారి ఒకటుంది. ఫారసీ ఇలాంటి నామవాచకాల పక్కన 'కర్దన్' (చేయడం), 'షొదన్' (కావడం) చేర్చి క్రియలు చేసుకుంటుంది. 'ఇష్తెబాహ్ కర్దన్' అంటే పొరపాటు చేయడం. ఒంటరి మాటను కాక ఆ జంటను ఫారసీ-ఫారసీ నిఘంటువులో వెతకాలి. దెహ్‌ఖొదా నిఘంటువులో పాత అర్థాలన్నీ రాశిపోసి ఉంటాయి, నేటి వాడుకకు హసన్ అన్వరీ 'సొఖన్' నయం.

అయినా కాలాన్ని బట్టి చిక్కు మిగులుతుంది. 'తహ్సీల్' అంటే నేటి టెహ్రాన్‌లో చదువు. మన తహసీల్దారు పేరులో ఉన్నది వసూలు అనే పాత అర్థం. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్న మొగలుల కాలపు ఫారసీ పత్రాల్లో ఆ మాటకు 'చదువు' అని రాస్తే పన్ను లెక్క కాస్తా పాఠశాల లెక్క అవుతుంది. ఈ తేడా పాఠాలు చదివే కొద్దీ పట్టుబడుతుంది, పదాల పట్టిక బట్టీ పడితే రాదు.

ఒక మాట కటువుగానే అంటాను. అమ్మాయి సరిగ్గా ఆలోచించింది, తొందర మీది. ఎవరో చెప్పిన 'మూడు నెలలు' నమ్మారు గానీ, కోర్సులో ఏం చదివిస్తారో అడిగారా? ఉస్మానియాలోనూ, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ ఫారసీ విభాగాలున్నాయి. అమ్మాయిని వెంట తీసుకెళ్లి పాఠ్యప్రణాళిక చూడండి. నేటి పత్రికా భాష, పాత దస్తావేజుల భాష రెండూ ఉన్నాయో లేదో తననే అడగనివ్వండి. ఈలోగా ఖర్చుకు అరబిక్ అనువాదాలు చేసుకుంటుంది. ఫారసీ పని మాత్రం అప్పుడే ఒప్పుకోవద్దని చెప్పండి.