వీసాకి ఆఫీసు లెటర్: హెచ్ఆర్‌ని ఎప్పుడు, ఏమని అడగాలి?

"గుంటూరు బ్రాంచ్‌లో పనిచేస్తున్నా. జర్మనీలో ఉన్న అక్క దగ్గరికి జూన్‌లో వెళ్ళాలి. వీసాకి ఆఫీసు లెటర్ కావాలంటున్నారు. హెచ్ఆర్‌ని ఎప్పుడు, ఏమని అడగాలి?"

వీసా అపాయింట్‌మెంట్ దొరికిన రోజే మెయిల్ పెట్టేయండి. జర్మనీకి కావాల్సిన షెంజెన్ వీసాకి ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు అప్లై చేయాలి, 6 నెలల ముందు నుంచీ చేసుకోవచ్చు, మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు కానీ ఒక్కోసారి 45 రోజులు కూడా పడుతుంది. అందుకని ఆఖరి తేదీ దాకా ఆగొద్దు. మాది విజయవాడ బ్రాంచ్, సంతకం పెట్టాల్సినాయన హైదరాబాద్‌లో, నేను అడిగినప్పుడు ఆయన సెలవులో ఉన్నాడు, తర్వాత కాగితం కొరియర్‌లో రావాలి. రెండు వారాలు చేతిలో ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

"ఒక లెటర్ ఇవ్వండి సార్" అని మాత్రం అడగొద్దు. వాళ్ళ దగ్గరున్న పాత ఫార్మాట్‌లో మీ పేరు మార్చి ఇచ్చేస్తారు. మీరే డ్రాఫ్ట్ టైపు చేసి, పాస్‌పోర్ట్ మొదటి పేజీ జతచేసి పంపండి. మన దగ్గర పేరుతోనే పెద్ద తలనొప్పి, ఆఫీసు రికార్డుల్లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది. లెటర్‌లో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించి, పక్కనే పాస్‌పోర్ట్ నంబర్ వేయించండి. హోదా, చేరిన తేదీ కూడా ఉండాలి.

జీతం దగ్గర ఇంకా జాగ్రత్త. ఉదాహరణకి మీ సీటీసీ ఏడాదికి 7 లక్షలు అనుకోండి, పే స్లిప్‌లో గ్రాస్ 52,000, పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోగా బ్యాంకులో పడేది 50,000. లెటర్‌లో సీటీసీ ఒక్కటే వేస్తే నెలకి 58 వేలు పైన అని లెక్క తేలుతుంది, అది స్లిప్‌తోనూ కలవదు, స్టేట్‌మెంట్‌తోనూ కలవదు. నెలవారీ గ్రాస్, నెట్ రెండూ రాయించండి.

సెలవు తేదీలు కూడా అంతే. 5వ తేదీ శుక్రవారం రాత్రి బయల్దేరి 21 ఆదివారం తిరిగొస్తారనుకుందాం, హెచ్ఆర్ సిస్టమ్‌లో సెలవు 8 నుంచి 19 వరకే కనిపిస్తుంది, ఎందుకంటే శని ఆదివారాలు లెక్కలోకి రావు. టికెట్‌తో తేడా రాకుండా "5 నుంచి 21 వరకు ప్రయాణం, 8 నుంచి 19 వరకు సెలవు మంజూరు, 22న డ్యూటీలో చేరతారు" అని వివరంగా పెట్టించండి.

లెటర్‌హెడ్, స్టాంపు, తేదీ సరే, సంతకం కింద అది పెట్టినాయన పేరు, హోదా, ఎత్తే ఫోన్ నంబర్ ఉండాలి. కాన్సులేట్ వాళ్ళు ఫోన్ చేసి అడిగే అవకాశం ఉంది కాబట్టి ఆయనకి ముందే ఒక మాట చెప్పి పెట్టండి.

ఎటూ అపాయింట్‌మెంట్ హైదరాబాద్‌లోనే కదా, వెళ్ళినప్పుడు హెడ్డాఫీసులో తీసుకుందాం అనుకోకండి. ముందే స్కాన్ తెప్పించుకుని పాస్‌పోర్ట్, స్లిప్పులు, టికెట్ పక్కన పెట్టి సరిచూడండి, తప్పుంటే మళ్ళీ సంతకం చేయించుకునే టైమ్ ఉంటుంది.