గుడి ఎక్కడుందో చూడు

చిరంజీవి అమ్మడుకి రాజాం నుంచి మావయ్య ఆశీస్సులు.

గ్రూప్-2 రాస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ మాట మీ అత్తకి చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది, అది నవ్వింది. హాల్‌టికెట్టు, పెన్ను, ముందురోజే సెంటరు చూసుకోవడం నీకు చెప్పక్కర్లేదు. నా భయమంతా నీ చదివే వేగం మీదే. అది నా పోలిక.

ఇరవై ఆరో ఏట ఒక ఉద్యోగ పరీక్ష రాశాను. "కింది నదుల్లో ఒడిశాలో పుట్టనిది ఏది?" అని ప్రశ్న. నాగావళి, వంశధార, చంపావతి, బాహుదా. నాగావళి కలహండి కొండల్లో పుట్టిందని చిన్నప్పట్నుంచీ తెలుసు. మొదటిదానికే టిక్కు కొట్టి పేజీ తిప్పేశాను. బయట టీ కొట్టు దగ్గర స్నేహితుడు చంపావతి పెట్టానన్నాడు. "ఏటిరా, చంపావతి మన ఆండ్ర దగ్గరి కొండల్లోది కదా!" అని ఎగతాళి చేశాను. "అందుకే కదా పెట్టాను" అన్నాడు. జేబులోంచి పేపరు తీసి చూశాను. మీ అత్తవాళ్ల గజపతినగరం వెళ్లినప్పుడల్లా చూసే ఏరే అది! ఉద్యోగం ఒక్క మార్కుతో పోయింది. ఆ పేపరు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది.

పుట్టినది, పుట్టనిది. రాసి చూడు. అక్షరాలు అవే, గుడి మాత్రం 'ట్ట' మీంచి 'న' మీదకు జరిగింది. చెందినది, చెందనిది కూడా అంతే. పైగా మామూలు ప్రశ్నలో నిజం ఒక్కటే, 'కానిది' అడిగితే నిజాలు మూడు. గుడి చూసుకోనివాడికి నాలుగింట మూడు సరైన జవాబుల్లాగే కనిపిస్తాయి, మొదటిదే తగిలే వీలు ఎక్కువ. తగలగానే మిగతావి చదవడు. నేను రెండోదాకా వెళ్లుంటే, వంశధార కూడా ఒడిశాదే కదా అని ఆగి, ప్రశ్న మళ్లీ చూసేవాణ్ణి. రెండు జవాబులు సరైనవనిపిస్తే తప్పు ప్రశ్నలో లేదే తల్లీ, మన చదవడంలో ఉంది. కాకపోతే, వంశధార సంగతి తెలియనివాడికి ఆ అనుమానమూ రాదు.

అందుకని 'కానిది', 'తప్ప' కనబడగానే సున్నా చుట్టు. ప్రశ్న సంగతి కాసేపు మరిచిపోయి, ఒక్కో ఆప్షన్ పక్కన ఒప్పుకి 'ఒ', తప్పుకి 'త' రాయి. ఒంటరిగా మిగిలినదే జవాబు. ఆప్షన్‌లోనే 'కాదు' ఉంటే మరీ జాగ్రత్త. రాజ్యసభ గురించి సరికానిది ఏదంటే, "అది రద్దు కాదు" అన్నది చూసి ఎగబడతారు. ఆ వాక్యం నిజమే, కాబట్టి పక్కన 'ఒ' పడాలి. మా రోజుల్లో మార్కు రాకపోవడంతో సరిపోయేది, మీకు తప్పుకి మూడో వంతు కోత కూడా ఉంది. బబుల్ దిద్దాక చెరపలేవు.

గట్టిగా రాశానేమో, ఏడవకు. ఆదివారం వచ్చేటప్పుడు నువ్వు చేసిన మోడల్ పేపరు పట్టుకురా, సున్నాలు చుట్టావో లేదో చూస్తాను. మీ అత్త నీకోసం కొమ్ములు చేస్తానంటోంది.

మీ మావయ్య