మూడు వారాల స్టాకు రూలు

ప్రశ్న: షాపుల్లో అమ్మకాలు పెద్దగా మారట్లేదు. కానీ మా ఫ్యాక్టరీకి ఒక వారం విపరీతంగా ఆర్డర్లు వస్తాయి, మరుసటి వారం ఏమీ ఉండవు. బుల్‌విప్ ఎఫెక్ట్ అంటే ఇదేనా? తప్పు ఎవరిది?

ఇదే. తప్పు ఎవరిదీ కాకపోవచ్చు, చిక్కంతా అక్కడే ఉంది.

నేను ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆర్డర్లు పెట్టే పని చేసేవాణ్ణి. ఒక వారం మామూలుకన్నా రెండున్నర రెట్లు ఆర్డర్ పెట్టి, తర్వాతి వారం దాదాపు ఆపేశాను. ఫ్యాక్టరీ నుంచి ఫోన్: "ఆర్డర్లు చూసుకునేది ఎవరండీ అక్కడ?" నేనే. ఎక్సెల్ షీటు చెప్పినంతే పెట్టాను మరి.

మా రూలు ఇది: పోయిన వారం ఎంత పోయిందో దానికి మూడు రెట్లు స్టాకు ఉండాలి, దారిలో ఉన్న సరుకుతో కలిపి. షాపుదీ, ఫ్యాక్టరీదీ కూడా అదే రూలు అనుకోండి. వారానికి 100 పెట్టెలు పోయే చోట ఒక వారం 110 పోయాయి. షాపు స్టాకు 300 నుంచి 330కి పెరగాలి. పోయిన 110, పైన 30, మొత్తం 140కి ఆర్డర్ పెడుతుంది. ఆ 30 ఒక్కసారికేనని నాకెలా తెలుస్తుంది? నాకు కనిపించేది 140 మాత్రమే. నా స్టాకు 420 కావాలి కాబట్టి 140 మీద ఇంకో 120 కలిపి 260 అడుగుతాను. ఫ్యాక్టరీ ఇదే లెక్కన 740 తయారీకి దిగుతుంది.

మరుసటి వారం కూడా అమ్మకం 110. షాపు 110 అడుగుతుంది. నాకిప్పుడు 330 చాలు, 90 మిగులు. అందుకే 20 మాత్రమే అడుగుతాను. ఫ్యాక్టరీలో ఆ వారం మెషీన్లు ఖాళీ. కొన్నవాళ్లు మాత్రం రెండు వారాలూ పది పెట్టెలే ఎక్కువ కొన్నారు.

నేను మొదట చేసిన మార్పు, పోయిన వారానికి బదులు ఎనిమిది వారాల సగటు తీసుకోవడం. ముగ్గురూ అలా చేస్తే మొదటి వారం ఫ్యాక్టరీ దాకా చేరే 740 కాస్తా 126 దగ్గర ఆగుతుంది. కానీ డిమాండ్ నిజంగా పెరిగినప్పుడు స్టాకు నెమ్మదిగా నిండుతుంది, ఆ టెన్షన్ వేరు. రూలు ముట్టుకోకుండా, షాపు అసలు అమ్మకం లెక్క అందరికీ ఇచ్చినా 740 కాస్తా 200 అవుతుంది. ఎందుకంటే అందరూ 110ని చూసే స్టాకు లెక్క వేస్తారు.

సరుకు కొరత ఉన్నప్పుడు మాత్రం ఈ రెండూ సరిపోవు. సగమే ఇస్తారని తెలిసి షాపులు రెట్టింపు అడుగుతాయి, సరుకు రాగానే క్యాన్సిల్ చేస్తాయి. మీ దగ్గర క్యాన్సిలేషన్లు ఎక్కువుంటే ముందు అది చూడండి. లేకపోతే షాపుల వారం వారం అమ్మకం, డిస్ట్రిబ్యూటర్ మీకు పెట్టిన ఆర్డర్ పక్కపక్కన ఒకే గ్రాఫులో గీయండి. అమ్మకం గీత దాదాపు చదునుగా ఉండి, ఆర్డర్ గీత మాత్రం ఎగిరి పడుతుంటే ఆయన్ని స్టాకు రూలు ఏమిటో అడగండి.