గర్భిణులకు కాఫీ, మద్యం, సిగరెట్: ఏది ఎంతవరకు?

గర్భంతో ఉన్నప్పుడు కాఫీ పూర్తిగా మానేయాలా? మద్యం, సిగరెట్ కొంచెమైతే ఫర్వాలేదా?

కాఫీ మానక్కర్లేదు, రోజుకు కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకపోతే చాలు. మద్యం, సిగరెట్ మాత్రం కొంచెం కూడా వద్దు. కెఫీన్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది. నెలలు నిండేకొద్దీ అది తల్లి ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, మోతాదు పెరిగితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంది. పెద్ద కప్పు ఇన్‌స్టంట్ కాఫీలో సుమారు 100, టీలో 75 మిల్లీగ్రాములు ఉంటాయి. రెండూ ఒక్కో కప్పు తాగితే 175, ఇంకో టీ తాగితే హద్దు దాటినట్టే. కాఫీ మానేశాం కదా, టీ ఎన్నిసార్లయినా తాగొచ్చనుకోవడమే చాలామంది పొరపాటు.

మద్యానికి సురక్షితమైన హద్దంటూ తేలలేదు. కల్లయినా వైనైనా బిడ్డ మెదడు ఎదుగుదలను దెబ్బతీయగలదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బిడ్డకు అందే ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది, పక్కవాళ్లు కాల్చినా హానే. సిగరెట్ ఏ నెలలో మానేసినా మేలే.