అశోకుడి 'ది గ్రేట్' బిరుదా, పేరా?

రాజుల పేర్ల పక్కన 'ది గ్రేట్' లాంటివి ఎందుకుంటాయి? అవి అసలు పేర్లేనా?

కావు, అసలు పేరు పుట్టాక ఇంట్లో పెట్టేది. బిరుదు ఆ తర్వాత రాజే పెట్టుకునేదో, ఇతరులు ఇచ్చేదో. రాజు ఘనత చాటడానికీ, ఒకే పేరున్నవాళ్లను విడిగా గుర్తించడానికీ బిరుదులు వాడతారు. అయితే ఒకే బిరుదు ఇద్దరికి ఉంటే చిక్కే. అశోకుడి శాసనాలు చాలావాటిలో 'దేవానాంపియ పియదసి' అనే ఉంటుంది, పేరు ఉండదు. 'దేవానాంపియ' బిరుదు సింహళ రాజు తిస్సకూ ఉంది. అందుకే 1837లో బ్రాహ్మీ లిపిని చదివిన జేమ్స్ ప్రిన్సెప్ ఆ శాసనాలు మొదట తిస్సవే అనుకున్నాడు. 1915లో కర్ణాటకలోని మస్కిలో దొరికిన శాసనంలో బిరుదుతోపాటు అశోకుడి పేరూ కనిపించింది.

'ది గ్రేట్' ఆయన కాలం నాటిదేనని చాలామంది అనుకుంటారు. అది ఆధునిక చరిత్రకారులు చేర్చింది, ఆయన శాసనాల్లో ఎక్కడా లేదు.